మాలికి, మలికి: ఒక ఖుర్‌ఆన్ పదంలో ఖిరాఅత్ భేదం

మాలికి, మలికి అనేవి ఖుర్‌ఆన్ మొదటి అధ్యాయమైన సూరా ఫాతిహాలో ఒకే చోట ఉన్న ఒకే పదానికి రెండు పఠన రూపాలు. మొదటి దానిలో ‘మా’ దీర్ఘం, అర్థం యజమాని. రెండో దానిలో ‘మ’ హ్రస్వం, అర్థం రాజు. ఈ పదం తరువాత వచ్చేది తీర్పు దినం అనే మాట. కాబట్టి వాక్యం ‘తీర్పు దినానికి యజమాని’ అనైనా అవుతుంది, ‘తీర్పు దినానికి రాజు’ అనైనా అవుతుంది. ముస్లిం సంప్రదాయం ఈ రెండింటినీ ప్రామాణికమైన పఠనాలుగానే స్వీకరించింది. ఇలా ఆమోదం పొందిన పఠన సంప్రదాయాన్ని ఖిరాఅత్ అంటారు, దాన్ని నేర్చి చదివి వినిపించేవారు ఖారీ.

హైదరాబాదు తూర్పు అంచున కాప్రా, నాచారం, ఉప్పల్ మసీదుల్లో వినిపించేది దీర్ఘంతో ఉన్న మాలికి. ఇక్కడే కాదు, భారత ఉపఖండమంతటా పఠనం కూఫా నగరపు ఆసిమ్ (మరణం 745) నుంచి ఆయన శిష్యుడు హఫ్స్ (మరణం 796) ద్వారా వచ్చిన సంప్రదాయంలోనే సాగుతుంది. రోజుకు అయిదు పూటల తప్పనిసరి నమాజుల్లో మొత్తం పదిహేడు రకాతులు ఉంటాయి, ప్రతి రకాతులోనూ ఫాతిహా ఉంటుంది. అరబీ లిపి రాని వారి కోసం తెలుగు లిపిలో అచ్చయ్యే నమాజు పుస్తకాల్లోనూ ఈ పదం దీర్ఘంతోనే కనబడుతుంది. అయితే మొరాకోలోనో అల్జీరియాలోనో అదే నమాజు చేసేవారు అదే చోట మలికి అంటారు. ఇది ఉచ్చారణలో యాస తేడా కాదు. అరబీలో ఆ రెండూ వేర్వేరు పదాలు.

రాతలో ఏముంది

ఈ భేదం అర్థం కావాలంటే తొలినాటి అరబీ రాత ఎలా ఉండేదో ముందు చూడాలి. ఖలీఫా ఉస్మాన్ కాలంలో, సుమారు 650 ప్రాంతంలో, ఖుర్‌ఆన్‌ను ఒకే పాఠంగా రాయించి ముఖ్య నగరాలకు పంపారు. ఆ రాతలో హల్లులే ప్రధానం. హ్రస్వ అచ్చులకు గుర్తులు లేవు. పదం మధ్యలో వచ్చే దీర్ఘ ‘ఆ’కు వాడే అలిఫ్ అక్షరాన్ని చాలాచోట్ల రాసేవారు కాదు. ఫాతిహాలోని ఈ పదం ఆ ప్రతుల్లో మీమ్, లామ్, కాఫ్ అనే మూడు అక్షరాలుగానే ఉంది. తెలుగులో దీర్ఘం తగిలించకపోతే ‘మా’ ‘మ’ అయిపోతుంది, రెండూ ఒకే అక్షరంగా కనబడే అవకాశం లేదు. ఆ అరబీ రాతలో మాత్రం మూడక్షరాలు చూసి దీర్ఘమో హ్రస్వమో చెప్పలేం.

ఈ మూడక్షరాల రాతే భేదాన్ని పుట్టించిందని చాలామంది అనుకుంటారు. లిపి అస్పష్టంగా ఉంది కనుక ఒకరు ఇలా, ఒకరు అలా ఊహించి చదివారన్నమాట. ఖుర్‌ఆన్‌లోనే ఉన్న మరో రెండు చోట్లతో పోల్చి చూస్తే ఆ వాదం నిలవదని నా అభిప్రాయం.

మొదటిది మూడో సూరా 26వ ఆయత్. దేవుణ్ణి సార్వభౌమాధికారానికి యజమానిగా సంబోధించే వాక్యం అది. అక్కడా రాతలో అలిఫ్ లేదు, అవే మూడు అక్షరాలు. కానీ ఆమోదం పొందిన పదిమంది ఖారీలూ అక్కడ దీర్ఘంతోనే చదువుతారు. రెండోది చివరి సూరా అయిన అన్నాస్, రెండో ఆయత్. అక్కడ దేవుణ్ణి మనుషుల రాజుగా పేర్కొంటారు. రాత మళ్లీ అదే, కానీ పదిమందీ హ్రస్వంతోనే చదువుతారు. మూడు చోట్లా లిపి ఒకటే. ఒకచోట అందరిదీ దీర్ఘం, ఒకచోట అందరిదీ హ్రస్వం, ఫాతిహాలో మాత్రమే రెండూ. లిపి చూసి ఊహించుకునే పద్ధతే ఉండి ఉంటే మిగతా రెండు చోట్లా భేదం వచ్చి తీరాలి. రాలేదంటే, చదివేవారు గురువు నోట విన్నదాన్ని పట్టుకుని చదివారనీ, రాత దానికి చోటిచ్చిందనీ తేలుతుంది.

దీనికి మరో కోణం నుంచి కూడా రుజువుంది. అవే మూడక్షరాలను ‘మలక’ అని క్రియగా చదివిన పఠనాలను కూడా పాత వ్యాఖ్యాతలు నమోదు చేశారు. అప్పుడు ‘ఆ దినాన్ని ఏలాడు’ అనే అర్థం వస్తుంది. లిపికి అది సరిపోతుంది, వ్యాకరణానికీ సరిపోతుంది. అయినా దాన్ని నమాజులో చదవడానికి ఒప్పుకోలేదు. ఎందుకంటే ఒక పఠనం నిలవాలంటే ఉస్మానీ రాతకు పొసగడం, అరబీ భాషకు సరిపోవడం చాలవు, గురుశిష్య పరంపర దృఢంగా, విస్తృతంగా ఉండాలి. ఆ మూడో షరతు దగ్గర ‘మలక’ ఆగిపోయింది. అలాంటి వాటిని షాజ్, అంటే దారి తప్పి ఒంటరిగా మిగిలినవి, అంటారు.

ఎవరు ఎలా చదివారు

బాగ్దాదులో ఇబ్న్ ముజాహిద్ (మరణం 936) అప్పటికి వాడుకలో ఉన్న అనేక పఠనాల్లోంచి ఏడుగురు ఖారీలను ఎంచి ఒక గ్రంథం రాశాడు. మదీనా, మక్కా, బస్రా, డమాస్కస్‌ల నుంచి ఒక్కొక్కరు, కూఫా నుంచి ముగ్గురు. తరువాతి కాలంలో ఇబ్నుల్ జజరీ (మరణం 1429) మరో ముగ్గురిని కూడా సమాన ప్రామాణికత గలవారిగా నిలబెట్టడంతో లెక్క పదికి చేరింది. ఈ పదిమందిలో మాలికి అని దీర్ఘంతో చదివినవారు నలుగురు. కూఫాకు చెందిన ఆసిమ్, కిసాయీ, బస్రాకు చెందిన యాకూబ్, బాగ్దాదు ఖారీ ఖలఫ్. మిగిలిన ఆరుగురు, అంటే మదీనా ఖారీలు నాఫె, అబూ జాఫర్, మక్కాకు చెందిన ఇబ్న్ కసీర్, బస్రాకు చెందిన అబూ అమ్ర్, డమాస్కస్‌కు చెందిన ఇబ్న్ ఆమిర్, కూఫాకే చెందిన హమ్జా, హ్రస్వంతో మలికి అని చదివారు.

సంఖ్యలో హ్రస్వం వైపు ఎక్కువమంది ఉన్నా నేడు ప్రపంచంలో అత్యధికులు చదివేది దీర్ఘమే. ఆసిమ్ పఠనం హఫ్స్ ద్వారా ఉస్మానియా తుర్కుల కాలంలో బాగా వ్యాపించింది. ఆపైన 1924లో కైరోలో వెలువడిన అధికారిక ముద్రణ కూడా హఫ్స్ పఠనాన్నే తీసుకుంది. మలికి అనే రూపం పశ్చిమ, ఉత్తర ఆఫ్రికాల్లో నాఫె శిష్యుడు వర్ష్ ద్వారా, లిబియాలో ఆయన మరో శిష్యుడు ఖాలూన్ ద్వారా, సూడాన్‌లో అబూ అమ్ర్ పఠనాన్ని అందించిన దూరీ ద్వారా నిలిచింది.

అండలూసియా పండితుడు షాతిబీ (మరణం 1194) ఏడు పఠనాల భేదాలన్నిటినీ 1173 పద్యాల కావ్యంగా కూర్చాడు. అందులో ఒక్కో ఖారీకి ఒక్కో అక్షరం సంకేతం. ఫాతిహా పదానికి కేటాయించిన పద్యంలో ఆ పదం, తీర్పు దినం అనే మాట తరువాత వచ్చే రెండు మాటలు ‘రా’తోనూ ‘నూన్’తోనూ మొదలవుతాయి. రా అంటే కిసాయీ, నూన్ అంటే ఆసిమ్. ఆ రెండు అక్షరాలు గుర్తున్న విద్యార్థికి దీర్ఘంతో చదివేది ఎవరో, మిగతా అయిదుగురు హ్రస్వంతో చదువుతారనీ వెంటనే తెలిసిపోతుంది. ఖిరాఅత్ విద్యార్థులు నేటికీ కంఠస్థం చేసేది ఆ కావ్యాన్నే.

ప్రవక్త ఎలా చదివారన్నదానిపైనా రెండు రకాల కథనాలున్నాయి. తిర్మిజీ (మరణం 892) సంకలనంలో ప్రవక్త భార్య ఉమ్మె సలమా పేరిట వచ్చిన కథనం హ్రస్వ రూపాన్ని చెబుతుంది. అదే సంకలనంలో ప్రవక్త, అబూబక్ర్, ఉమర్ దీర్ఘంతో చదివేవారని అనస్ పేరిట మరో కథనం ఉంది. అబూ దావూద్ (మరణం 889) సంకలనంలో జుహ్రీ చెప్పినట్టుగా ఇంకో మాట కనబడుతుంది: హ్రస్వంతో మొట్టమొదట చదివింది మర్వాన్ అని. మర్వాన్ మదీనాకు గవర్నరుగా ఉండి తరువాత ఖలీఫా అయినవాడు. పద్నాలుగో శతాబ్దపు వ్యాఖ్యాత ఇబ్న్ కసీర్ (మక్కా ఖారీ వేరు, ఈయన వేరు) దీన్ని ఒప్పుకోలేదు. మర్వాన్ తాను చదివినదానికి ఆధారం తెలిసే చదివాడనీ, ఆ సంగతి జుహ్రీకి చేరలేదనీ ఆయన సమాధానం. ఈ సమాధానమే సమంజసమనిపిస్తుంది. ఒక పాలకుడి నోట పుట్టిన రూపమైతే మక్కా, మదీనా, బస్రా, డమాస్కస్ ఖారీలంతా అదే చదివేవారని నమ్మడం కష్టం.

అర్థం ఎంత మారుతుంది

హైదరాబాదు ఉర్దూలో ఈ రెండు మాటలూ ఉన్నాయి. ఇంటి మాలిక్, దుకాణం మాలిక్ అంటే సొంతదారు. మలిక్ అంటే రాజు, మనుషుల పేర్లలోనూ వినిపిస్తుంది. అరబీలో రెండింటి ధాతువూ ఒకటే, వ్యాకరణంలో అచ్చు మాత్రం వేరు. మాలిక్ అనేది పని చేసేవాణ్ణి తెలిపే రూపం, అంటే సొంతం చేసుకుని ఉన్నవాడు. మలిక్ అనేది స్థిరమైన గుణాన్ని, హోదాను తెలిపే రూపం.

యజమాని తన వస్తువును అమ్మగలడు, ఇవ్వగలడు, దాచుకోగలడు. రాజు ప్రజలను సొంత వస్తువుల్లా అమ్ముకోలేడు, కానీ వారిపై ఆజ్ఞ నడుపుతాడు. యజమాని హక్కు వస్తువు మీద, రాజు అధికారం మనుషుల మీద. ఆ తేడా మీదే వ్యాఖ్యాతల చర్చంతా నడిచింది.

తబరీ (మరణం 923) హ్రస్వ రూపం వైపు మొగ్గాడు. రాజ్యాధికారం ఉన్నవాడికి స్వామ్యమూ ఉన్నట్టే, స్వామ్యం ఉన్న ప్రతివాడూ రాజు కాడు, అందువల్ల రాజు అనే మాటలో రెండూ ఇమిడిపోతాయి అన్నది ఆయన వాదం. ఇంకో కారణమూ చూపాడు. రెండు ఆయత్‌ల ముందే దేవుణ్ణి లోకాలన్నిటికీ ప్రభువుగా చెప్పారు, స్వామ్యం అక్కడే వచ్చేసింది, కనుక ఇక్కడ రాజు అంటేనే కొత్త అర్థం వస్తుంది. అంతకు ముందే అబూ ఉబైద్ (మరణం 838) కూడా హ్రస్వాన్నే ఎంచుకున్నాడు. దీనికి బలంగా నలభయ్యో సూరా 16వ ఆయత్‌ను చూపుతారు. ఆ దినాన రాజ్యం ఎవరిదన్న ప్రశ్న అక్కడ వస్తుంది, అక్కడ వాడిన పదం రాజు అనే మాటకు చెందిన కుటుంబంలోనిది.

దీర్ఘం వైపువారు 82వ సూరా చివరి ఆయత్‌ను చూపుతారు. ఆ దినాన ఏ ప్రాణికీ మరో ప్రాణి విషయంలో ఏదీ చేతిలో ఉండదని అక్కడ చెబుతారు. వాడిన క్రియ స్వామ్యానికి చెందినది. రాజుకు ప్రజల మీద అధికారం ఉన్నా వారి చర్మం, ఊపిరి అతని సొంతం కావు, తీర్పు దినాన దేవునికి ఉన్నది అంతకు మించిన హక్కు అని వారి వాదం. దీర్ఘంతో చదివితే ఒక అక్షరం ఎక్కువ కనుక అక్షరానికి పది పుణ్యాలనే లెక్కన ఫలం ఎక్కువ అన్న మాట కూడా తఫ్సీరు గ్రంథాల్లో ఉంది. ఆ కారణం నాకు బలహీనంగా కనబడుతుంది. పుణ్యం లెక్కతో ఏది సరైన పఠనమో తేలదు.

ఈ వాదాల్లో ఏ పక్షమూ ఎదుటి పఠనాన్ని తప్పని కొట్టివేయలేకపోయింది. తరువాతి పండితులు ఒకదాన్ని రెండోదానికంటే మేలని తూచే పద్ధతినే వదిలేశారు. రెండు పఠనాలను రెండు ఆయత్‌లలాగే చూసి, యజమానీ ఆయనే, రాజూ ఆయనే, ఒకే చోట రెండు గుణాలు చెప్పినట్టే అన్నారు. తెలుగు అనువాదాల్లో మాత్రం ఒక్క అర్థానికే చోటుంటుంది. ఇక్కడి పఠనం హఫ్స్‌ది కాబట్టి తెలుగులో సాధారణంగా యజమాని అన్న మాట కనబడుతుంది. అరబీలో రెండు మార్గాలున్న సంగతి అనువాదం చదివే పాఠకుడికి చేరాలంటే అడుగున ఒక గమనిక కావాలి.

గుర్తులు, అచ్చు, తెర

రాతలో అలిఫ్ లేకపోయినా చదవడంలో దీర్ఘం ఉందని తెలపడానికి క్రమంగా చిన్న నిలువు గీత వాడుకలోకి వచ్చింది. ఉస్మానీ అక్షరాలను ముట్టుకోకుండా, వాటి మీద అదనంగా పెట్టే చిన్న అలిఫ్ ఇది. పాత చేతిరాత ప్రతుల్లో దాన్ని ఎర్ర సిరాతో రాసేవారు, మూల అక్షరాలు నల్లగా ఉండేవి. ఏది ఉస్మానీ రాత, ఏది పఠనానికి చేర్చిన గుర్తు అన్నది రంగు చూస్తేనే తెలిసేది. నల్ల సిరా ఒక్కటే ఉన్న అచ్చులో ఆ సౌకర్యం పోయింది.

ఉపఖండపు ముద్రణల్లో ఈ గీతను ఖడా జబర్ అంటారు. కాప్రాలో మదరసా పిల్లవాడు చదివే భారతీయ పద్ధతి ముస్‌హఫ్‌లో మీమ్ మీద ఖడా జబర్ ఒక్కటే ఉంటుంది. హజ్ నుంచి ఎవరైనా తెచ్చిన మదీనా ముద్రణ తెరిస్తే అదే మీమ్ మీద మామూలు జబర్, దాని పక్కన చిన్న అలిఫ్ రెండూ కనబడతాయి. చూపుకు తేడా ఉన్నా ఇది పఠన భేదం కాదు. రెండు ప్రతులూ హఫ్స్‌వే, రెండూ దీర్ఘంతోనే చదవాలి. పిల్లలు తికమకపడే చోటు ఇదే, గురువు ముందుగానే చెప్పాలి. నిజమైన భేదం వర్ష్ ముస్‌హఫ్‌లో కనబడుతుంది. అక్కడ మీమ్ మీద జబర్ మాత్రమే ఉంటుంది, చిన్న అలిఫ్ అసలు ఉండదు. ఆయత్ సంఖ్య కూడా మారుతుంది. కూఫా లెక్కలో బిస్మిల్లా మొదటి ఆయత్ కనుక మన పదం నాలుగో ఆయత్‌లో వస్తుంది. మదీనా లెక్కలో బిస్మిల్లాను లెక్కించరు, అందుచేత అది మూడోది. మొత్తం ఆయత్‌లు ఏడే కావాలి కాబట్టి అక్కడ చివరి ఆయత్‌ను రెండుగా విడదీస్తారు.

కంప్యూటరులో వెతికేవారికి కూడా ఈ చిన్న గీత ఇబ్బంది పెడుతుంది. యూనికోడ్‌లో చిన్న అలిఫ్ సంకేతం U+0670, మామూలు అలిఫ్ U+0627. నేటి అరబీ వర్ణక్రమంలో అలిఫ్‌తో ‘మాలిక్’ అని టైపు చేసి ఉస్మానీ రాతలో ఉన్న ఖుర్‌ఆన్ పాఠంలో వెతికితే ఫాతిహాలోని పదం దొరకదు. గుర్తులన్నీ తీసేసి మూడక్షరాలతో వెతికితే రాజు, యజమాని, రాజ్యం అన్నీ కలిసి వస్తాయి. అప్పుడు చోటు చోటుకూ చూసుకుని వేరు చేసుకోవడమే మార్గం.

విని గుర్తించడం

ఒక ఖారీ ఏ సంప్రదాయంలో చదువుతున్నాడో ఫాతిహాలోనే చాలావరకు పట్టుకోవచ్చు. ఈ పదంలో ‘మా’ రెండు మాత్రల కాలం నిలిస్తే ఆ నలుగురిలో ఒకరి పఠనం. నిలవకపోతే మిగతా ఆరుగురిలో ఎవరిదైనా కావచ్చు, అప్పుడు ముందువెనుకల పదాలు వినాలి. అంతకు ముందున్న రహీమ్ పదపు చివరి మీమ్ ఈ పదపు తొలి మీమ్‌లో కలిసిపోయి ఒకే ద్విత్వంగా వినబడితే అది అబూ అమ్ర్ పఠనానికి సూసీ అందించిన రూపం కావచ్చు. తరువాత వచ్చే ‘సిరాత్’లో సకారం ‘జ’ వైపు వంగి వినబడితే హమ్జా. ‘అలైహిమ్’ అనే చోట ‘అలైహిము’ అని చివర ఉకారం సాగితే మక్కా ఇబ్న్ కసీర్ వైపు చూడాలి, అయితే అబూ జాఫర్ కూడా అలాగే చదువుతాడు కనుక అదొక్కటే తేల్చదు.

హఫ్స్ పద్ధతి మాత్రమే నేర్చినవాడు మరచిపోయి ‘మ’ను హ్రస్వం చేస్తే అది అతని పఠనంలో లోపమే, ఎందుకంటే అతను నేర్చిన పరంపరలో ఆ రూపం లేదు. కానీ ఆ రూపం మరో ప్రామాణిక పఠనంలో ఉంది కాబట్టి అది అర్థాన్ని చెరిపే తప్పులతో సమానం కాదు. ఇబ్నుల్ జజరీ ఇక్కడ ఒక గీత గీశాడు. ఫలానా గురువు నుంచి వచ్చిన పఠనమని చెప్పి అందులో మరొకరి రూపాన్ని కలిపితే అది ఆ గురువు పేరిట అబద్ధం చెప్పినట్టవుతుంది. కేవలం పారాయణంగా చదివేటప్పుడు, వ్యాకరణం చెడనంత వరకు, అంత కఠినంగా ఉండనక్కర్లేదు.

హైదరాబాదులో ఈ చర్చ

నాచారం నుంచి హబ్సిగూడ దాటితే ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణం వస్తుంది. 1888లో మొదలైన దాయిరతుల్ మఆరిఫ్ అనే అరబీ గ్రంథ ప్రచురణ సంస్థ ఇప్పుడు ఆ ప్రాంగణంలోనే ఉంది. పాత చేతిరాత ప్రతులను సరిపోల్చి పరిష్కరించి అచ్చువేయడం దాని పని. ఇబ్న్ ముజాహిద్ శిష్యుడైన ఇబ్న్ ఖాలవైహ్ (మరణం 980) ముప్పై సూరాల వ్యాకరణం మీద రాసిన గ్రంథాన్ని 1941లో ఈ సంస్థ తరఫున కైరోలో అచ్చువేశారు. ఫాతిహా ఒకటి, తారిఖ్ సూరా నుంచి అన్నాస్ వరకు ఇరవై తొమ్మిది, కలిపి ముప్పై. అంటే దీర్ఘ హ్రస్వాలు రెండూ చెల్లే ఫాతిహా పదం, హ్రస్వం మాత్రమే చెల్లే అన్నాస్ పదం రెండూ ఆ ఒక్క గ్రంథంలోకే వచ్చాయి. హ్రస్వాన్ని ఎంచుకున్న అబూ ఉబైద్ రాసిన హదీసు పదకోశాన్ని కూడా ఇదే సంస్థ 1964 నుంచి నాలుగు సంపుటాలుగా వెలువరించింది.

ఈ విధంగా మాలికి అని మాత్రమే చదివే నగరం నుంచే మలికి వైపు వాదించిన పండితుడి పుస్తకం అరబీ లోకానికి అందింది. అరబీ చదవగలిగినవారు ఫాతిహా, అన్నాస్‌లకు ఇబ్న్ ఖాలవైహ్ రాసిన వివరణను పక్కపక్కన పెట్టుకుని చూడాలి. ఈ భేదాన్ని అర్థం చేసుకోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.